ప్రశ్నలో ఒక విలువ లేదు, షరతు స్పష్టంగా లేదు: లెక్క చేసెయ్యాలా, అడగాలా?

"లెక్క రెండుసార్లు చదివాను. ఒక అంకె ఇవ్వలేదు. ప్రశ్నే తప్పా, నాకే రావడం లేదా?" విద్యార్థులు, పిల్లలకు ఇంట్లో లెక్కలు చెప్పే తల్లిదండ్రులు, కొత్తగా ప్రశ్నపత్రాలు తయారుచేస్తున్న టీచర్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. కొందరు అంకె కనిపించకపోగానే ప్రశ్న తప్పని వదిలేస్తారు. ఇంకొందరు తమకు తోచిన అంకె వేసుకుని లెక్క ముగించేస్తారు. రెండింటిలోనూ మార్కులు పోతాయి.

నేను చూసేది ఒక్కటే: లేని విలువ మారితే, అడిగిన సమాధానం మారుతుందా? మారకపోతే ఆ విలువ అవసరం లేదు, లెక్క చేసెయ్యొచ్చు. మారితే ఆగాలి. ఈ సంగతి ఎలా తేల్చుకోవాలో, ఆగాక ఏం చెయ్యాలో వరసగా చెబుతాను.

## 1. ముందు అడిగిందేంటో రాసుకోండి

చాలామంది ఇచ్చిన అంకెలను ముందు రాసుకుంటారు. ఈ పనికి ఆ వరస పనికిరాదు. ఏం కావాలో తెలియకుండా ఏం లేదో చెప్పలేం. అదే సమాచారంతో ఒక ప్రశ్నకు జవాబు వస్తుంది, ఇంకో ప్రశ్నకు రాదు.

కాగితం మీద ఈ నాలుగూ ఇదే వరసలో రాయండి:

- అడిగింది ఏమిటి, ఏ యూనిట్‌లో
- ఇచ్చినవి ఏమిటి, ఏ అంకె దేనికి సంబంధించింది
- ఇవ్వకపోయినా కావాలని అనిపిస్తున్నది ఏమిటి
- రెండు రకాలుగా చదవగలిగే మాట ఏదైనా ఉందా

మూడో పాయింటులో "అనిపిస్తున్నది" అని కావాలనే రాశాను. నిజంగా కావాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు.

ఒక లెక్క తీసుకుందాం. ఒకామె ఒక చోటి నుంచి మరో చోటికి గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్ళింది. అదే దారిలో గంటకు 40 కిలోమీటర్ల వేగంతో తిరిగి వచ్చింది. మొత్తం ప్రయాణానికి సగటు వేగం ఎంత?

అడిగింది సగటు వేగం. ఇచ్చినవి రెండు వేగాలు, దారి ఒకటేనన్న సంగతి. కావాలనిపిస్తున్నది దూరం.

## 2. రెండు వేర్వేరు విలువలు వేసి చూడండి

లేని విలువ స్థానంలో మీకు నచ్చిన రెండు విలువలు వేసి, రెండుసార్లు లెక్క పూర్తిగా చెయ్యండి. తేలిగ్గా భాగించగలిగే అంకెలు తీసుకోండి.

దూరం 120 కిలోమీటర్లు అనుకుందాం. వెళ్ళడానికి 2 గంటలు, రావడానికి 3 గంటలు పట్టింది. 240 కిలోమీటర్లకు 5 గంటలు, అంటే సగటు 48.

దూరం 240 అనుకుందాం. వెళ్ళడానికి 4 గంటలు, రావడానికి 6 గంటలు. 480 కిలోమీటర్లకు 10 గంటలు, మళ్ళీ 48.

ఇప్పుడు ప్రశ్నలో ఒక్క ముక్క మార్చి చూడండి: "ప్రయాణంలో కొంత భాగం 60 వేగంతో, మిగతాది 40 వేగంతో సాగింది. సగటు వేగం ఎంత?" దూరంలో సరిగ్గా సగం 60తో వెళ్తే సగటు 48. సమయంలో సగం 60తో వెళ్తే సగటు 50. సమాధానం మారింది.

ఈ పరీక్షకున్న బలం ఇక్కడే ఉంది. ఇచ్చిన షరతులన్నీ పాటిస్తూ రెండు వేర్వేరు సమాధానాలు వచ్చాయంటే, ఆ ప్రశ్నకు ఒకే సమాధానం లేదని రుజువైపోయినట్టే. ఇంకో వాదన అక్కర్లేదు. ఎవరినైనా అడిగేటప్పుడు ఈ రెండు లెక్కలూ చూపిస్తే చాలు.

ఒక జాగ్రత్త. మీరు వేసే విలువలు ప్రశ్నలోని మిగతా షరతులన్నిటికీ సరిపోవాలి. ఏ ఒక్క షరతు తప్పినా, వచ్చిన తేడా ప్రశ్నది కాదు, మీ విలువది.

## 3. సమాధానం మారకపోతే అక్షరంతో నిర్ధారించుకోండి

రెండు సమాధానాలు వేర్వేరుగా వస్తే అది రుజువు. ఒకటే వస్తే మాత్రం అది కేవలం సూచన. ఈ తేడా చాలామంది పట్టించుకోరు.

దీర్ఘచతురస్రం చుట్టుకొలత 20 సెంటీమీటర్లు, వైశాల్యం ఎంత? పొడవు ఇవ్వలేదు. పొడవు 6 అనుకుంటే వెడల్పు 4, వైశాల్యం 24. పొడవు 4 అనుకుంటే వెడల్పు 6, మళ్ళీ 24. ఇక్కడ ఆగిపోతే సమాధానం 24 అని రాసేస్తాం. పొడవు 7 వేసి చూడండి: వెడల్పు 3, వైశాల్యం 21. మొదటి రెండు విలువలూ ఒకే దీర్ఘచతురస్రాన్ని అటూ ఇటూ తిప్పినవి, అందుకే కలిశాయి.

అందుకని సమాధానం మారలేదని అనిపించగానే, అంకెల బదులు అక్షరం పెట్టి ఒకసారి చెయ్యండి. చివర్లో ఆ అక్షరం పూర్తిగా పోతే విలువ నిజంగా అక్కర్లేదు.

పై ప్రయాణంలో ఒకవైపు దూరం d అనుకుంటే:

```
వెళ్ళిన సమయం + వచ్చిన సమయం = d/60 + d/40 = d/24
సగటు వేగం = 2d ÷ (d/24) = 48
```

d కొట్టుకుపోయింది. ఇక సందేహం లేదు, సమాధానం గంటకు 48 కిలోమీటర్లు. దీర్ఘచతురస్రంలో పొడవు x అనుకుంటే వైశాల్యం x(10 − x). ఇందులో x మిగిలిపోయింది, కాబట్టి పొడవు లేకుండా ఆ లెక్క తెగదు.

ఆన్సర్ షీట్‌లో కూడా ఇలా అక్షరంతోనే రాయండి. "దూరం 120 అనుకుంటే" అని రాస్తే, దిద్దే మనిషికి మీరు అడ్డదారిలో వెళ్ళారేమోనన్న అనుమానం వస్తుంది. అక్షరంతో రాస్తే దూరం అవసరం లేదని మీకు తెలుసన్నది కనిపిస్తుంది.

## 4. "సులువైన విలువ వేసెయ్" అనే షార్ట్‌కట్‌తో జాగ్రత్త

పోటీ పరీక్షల కోచింగ్‌లో ఒక చిట్కా బాగా చెబుతారు. విలువ ఇవ్వలేదంటే ఏ విలువకైనా సమాధానం ఒకటే అయి ఉండాలి, కాబట్టి అన్నిటికంటే సులువైన విలువ వేసెయ్యమని. టైమ్ కలిసొచ్చే చిట్కాయే. కానీ మనం తేల్చుకోవాల్సిన విషయాన్నే అది ముందుగా నమ్మేస్తుంది. ఎక్కడ దెబ్బతింటామో దగ్గరగా చూద్దాం.

ఒకే కేంద్రం ఉన్న రెండు వృత్తాలు ఉన్నాయి. పెద్ద వృత్తంలో 10 సెంటీమీటర్ల జ్యా ఒకటి చిన్న వృత్తాన్ని తాకుతోంది. రెండు వృత్తాల మధ్య ఉన్న ఉంగరం వైశాల్యం ఎంత? ఒక్క వ్యాసార్థమైనా ఇవ్వలేదు.

పెద్ద వ్యాసార్థం R, చిన్నది r అనుకుందాం. కేంద్రం నుంచి జ్యా తాకిన బిందువుకు గీసిన వ్యాసార్థం జ్యాకు లంబం, దాన్ని సగానికి విభజిస్తుంది. పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం:

```
R² − r² = 5² = 25
ఉంగరం వైశాల్యం = π(R² − r²) = 25π
```

R, r విడివిడిగా తెలియకపోయినా మనకు కావలసింది వాటి వర్గాల తేడా మాత్రమే. చదరపు సెంటీమీటర్లలో సమాధానం 25π. షార్ట్‌కట్‌తో చేసేవాళ్ళు చిన్న వృత్తాన్ని సున్నాకి కుదించేస్తారు. అప్పుడు జ్యా పెద్ద వృత్తానికి వ్యాసం అవుతుంది, వ్యాసార్థం 5, వైశాల్యం 25π. అదే జవాబు, పది సెకన్ల పని.

ఇప్పుడు ప్రశ్నలో "చిన్న వృత్తాన్ని తాకుతోంది" అనే ముక్క అచ్చులో జారిపోయిందనుకోండి. పెద్ద వృత్తంలో 10 సెంటీమీటర్ల జ్యా ఉంది, అంతే. షార్ట్‌కట్ అప్పుడు కూడా నిశ్చింతగా 25π అనే చెబుతుంది. కానీ R = 13, r = 5 తీసుకోండి. జ్యా కేంద్రానికి 12 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది, చిన్న వృత్తం దాకా రాదు. ఉంగరం వైశాల్యం 169π − 25π, అంటే 144π. జవాబు ఎక్కడా నిలవదు.

కాబట్టి షార్ట్‌కట్ వాడాలనుకుంటే, ఆ సులువైన విలువతో పాటు మామూలు విలువ ఇంకోటి కూడా వేసి చూడండి. రెండో లెక్కకు పట్టే అర నిమిషంలో షరతు జారిపోయిందా లేదా బయటపడుతుంది.

## 5. సమాధానం మారుతోందా? దాక్కున్న షరతు కోసం వెతకండి

అక్షరం మిగిలిపోయిందని వెంటనే ప్రశ్న తప్పనుకోవద్దు. కొన్ని షరతులు అంకెల్లో ఉండవు, వస్తువుల స్వభావంలోనే ఉంటాయి. మనుషులు, బండ్లు, పుస్తకాలు ముక్కలుగా ఉండవు. పొడవు, వయసు రుణసంఖ్య కావు. త్రిభుజంలో కోణాల మొత్తం 180 డిగ్రీలే.

41 మంది విహారయాత్రకు బయల్దేరారు. కొందరు 5 సీట్ల బండ్లలో, మిగతావాళ్ళు 8 సీట్ల బండ్లలో ఎక్కారు. ఒక్క సీటు కూడా ఖాళీ లేదు. మొత్తం ఎన్ని బండ్లు?

5 సీట్లవి x, 8 సీట్లవి y అనుకుంటే 5x + 8y = 41. ఒకటే సమీకరణం, తెలియనివి రెండు. "రెండు తెలియనివుంటే రెండు సమీకరణాలు కావాలి కదా" అని ఇక్కడే చాలామంది పెన్ను కింద పెట్టేస్తారు. కానీ బండ్ల సంఖ్య పూర్ణసంఖ్య కావాలి. y కి 0 నుంచి 5 దాకా వేస్తూ వెళ్తే మిగిలేవి 41, 33, 25, 17, 9, 1. వీటిలో 5తో భాగించగలిగేది 25 ఒక్కటే. కాబట్టి y = 2, x = 5, మొత్తం 7 బండ్లు. ఎవరినీ అడగాల్సిన పని లేదు.

అదే ప్రశ్నలో 41 బదులు 81 మంది ఉంటే కథ మారుతుంది. y = 2 అయితే x = 13. y = 7 అయితే x = 5. మొదటి పద్ధతిలో 15 బండ్లు, రెండో పద్ధతిలో 12. రెండూ ప్రశ్నకు పూర్తిగా సరిపోతాయి. పూర్ణసంఖ్య అన్న షరతు వాడేశాం, ఇంకేమీ మిగల్లేదు. ఇక్కడ అడగాలి: "వీలైనంత తక్కువ బండ్లు అన్న మాట ఉందా?" ఉంటే జవాబు 12.

సమీకరణాలు లెక్కపెట్టి తీర్పు చెప్పొద్దని నేను పదే పదే అనేది ఇందుకే. పై రెండు ప్రశ్నల్లోనూ సమీకరణం ఒక్కటే, తెలియనివి రెండే. ఒకటి తెగింది, ఇంకోటి తెగలేదు.

## 6. షరతును రెండు రకాలుగా చదవగలిగితే రెండూ చెయ్యండి

లేని విలువ కంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఇదే. విలువ లేకపోతే కనీసం ఖాళీ కనిపిస్తుంది. అస్పష్టమైన షరతులో ఖాళీ కనిపించదు. మీ మనసు ఒక అర్థాన్ని పట్టుకుని సాఫీగా వెళ్ళిపోతుంది, రెండో అర్థం ఉందని కూడా తట్టదు.

ఈ లెక్క చూడండి: "రవి ఒక పుస్తకంలో మొదటి రోజు మూడో వంతు, రెండో రోజు నాలుగో వంతు చదివాడు. ఇంకా 60 పేజీలు మిగిలాయి. పుస్తకంలో మొత్తం ఎన్ని పేజీలు?"

రెండో రోజు చదివిన నాలుగో వంతు దేనిలో?

మొదటి అర్థం: మొత్తం పుస్తకంలో నాలుగో వంతు. చదివింది 1/3 + 1/4 = 7/12. మిగిలింది 5/12, అది 60 పేజీలు. మొత్తం 144.

రెండో అర్థం: మొదటి రోజు పోగా మిగిలిన దాంట్లో నాలుగో వంతు. మొదటి రోజు తర్వాత మిగిలింది 2/3. అందులో నాలుగో వంతు పోతే 2/3 × 3/4 = 1/2 మిగులుతుంది, అది 60 పేజీలు. మొత్తం 120.

144 పేజీల పుస్తకంలో 48, 36 పేజీలు చదివాడు. 120 పేజీల పుస్తకంలో 40, 20 పేజీలు చదివాడు. రెండూ నిండు సంఖ్యలే. "నా సమాధానం భిన్నం లేకుండా వచ్చింది కాబట్టి నేను చదివిన అర్థమే సరైంది" అన్న ధీమా ఇక్కడ పనికిరాదు. ఒక అర్థంలో 137.14 లాంటిది వచ్చి, రెండో అర్థంలో నిండు సంఖ్య వస్తే అప్పుడు రెండోదానికి మొగ్గు చూపొచ్చు. అది కూడా మొగ్గే, నిర్ణయం కాదు.

ఇదే లెక్కలో అడిగింది వేరే అయితే? "ఏ రోజు ఎక్కువ చదివాడు?" అని అడిగారనుకోండి. మొదటి అర్థంలో 1/3, 1/4. రెండో అర్థంలో 1/3, 1/6. రెండింటిలోనూ మొదటి రోజే ఎక్కువ. షరతు అస్పష్టంగానే ఉంది, అయినా జవాబుకు దానితో పని లేదు. చేసెయ్యండి. ఒకటో అడుగులో అడిగిందాన్ని ముందు రాసుకోమన్నది ఇలాంటి చోట అక్కరకొస్తుంది.

రెండు అర్థాలు తరచూ దాక్కునే చోట్లు కొన్ని:

- వంతు, శాతం: మొత్తం మీదా, మిగిలిన దాని మీదా? పెరగక ముందు విలువ మీదా, పెరిగిన తర్వాత విలువ మీదా?
- "మూడు రెట్లు ఎక్కువ": 12కు మూడు రెట్లు అంటే 36. మూడు రెట్లు ఎక్కువ అంటే కొందరు 36 అనుకుంటారు, కొందరు 48 అనుకుంటారు.
- "10కి, 50కి మధ్య": చివరి సంఖ్యలు కలిపా, వదిలేసా?
- "ఒకదాని తర్వాత ఒకటి తీస్తే": తీసింది మళ్ళీ సంచిలో వేశారా? 5 ఎర్ర బంతులు, 3 తెల్ల బంతులు ఉన్న సంచిలోంచి వరసగా రెండూ ఎర్రవే వచ్చే సంభావ్యత, తిరిగి వేస్తే 25/64, వెయ్యకపోతే 5/14.

## 7. అందరూ ఒప్పుకునే అర్థం ఉన్నచోట అడగకండి

ప్రతి మాటనూ అనుమానిస్తూ కూర్చుంటే ఏ లెక్కా ముందుకు సాగదు. పాచిక వేస్తే అన్ని ముఖాలకూ సమాన అవకాశం అనే తీసుకోవాలి. "నిలకడ వేగం" అని చెప్పకపోయినా, గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్ళిందంటే దారంతా అదే వేగం. ఒక పని ఆరుగురు పది రోజుల్లో చేస్తారంటే అందరూ ఒకే వేగంతో చేస్తున్నట్టే లెక్క.

నేను వాడే కొలత ఇది: ఆ పాఠం తెలిసిన పదిమందికి ప్రశ్న ఇస్తే అందరూ ఒకే అర్థం తీసుకుంటారా? తీసుకుంటారనిపిస్తే అదే అర్థంతో చేసెయ్యండి. పుస్తకం లెక్కలో అలా జరగదు, సగం మంది ఇటు, సగం మంది అటు ఉంటారు. "మిగిలిన దాంట్లో" అన్న మాట లేదు కాబట్టి మొత్తం మీదే అని గట్టిగా వాదించేవాళ్ళున్నారు. నేనూ కొంచెం ఆ వైపే మొగ్గుతాను. అయినా అడిగే వీలుంటే అడుగుతాను.

## 8. అంకెలన్నీ ఉన్నా అలాంటి ఆకారమే లేకపోవచ్చు

లంబకోణ త్రిభుజంలో కర్ణం 10 సెంటీమీటర్లు, లంబకోణ శీర్షం నుంచి కర్ణం మీదికి గీసిన ఎత్తు 6 సెంటీమీటర్లు. వైశాల్యం ఎంత?

సూత్రం చేతిలో ఉంది: సగం × 10 × 6 = 30. ఇక్కడ ఏ విలువా లోపించలేదు. కానీ మిగతా రెండు భుజాలు కనుక్కోండి. వాటిని a, b అనుకుంటే a² + b² = 100. వైశాల్యం 30 కాబట్టి ab = 60. అప్పుడు:

```
(a − b)² = 100 − 120 = −20
```

వర్గం రుణసంఖ్య కాదు. అలాంటి త్రిభుజం లేదు. కర్ణం 10 అయితే దాని మధ్యబిందువు నుంచి లంబకోణ శీర్షానికి దూరం 5, ఎత్తు అంతకు మించదు.

సమాధానం వచ్చాక దాంతోనే మిగతా కొలతలన్నీ తిరిగి కట్టి చూడాలని ఈ లెక్క నేర్పుతుంది. అచ్చుతప్పు ఎక్కడ జరిగి ఉంటుందో కూడా ఇలాగే దొరుకుతుంది. 6 అన్నది ఎత్తు కాక ఒక భుజమైతే రెండో భుజం 8, వైశాల్యం 24, అన్నీ కుదురుతాయి. అడిగేటప్పుడు ఈ మాట చెప్పొచ్చు: "6 అన్నది ఎత్తా, భుజమా?"

## 9. అడిగేటప్పుడు ఇలా అడగండి

"సార్, ఈ ప్రశ్న తప్పు" అంటే ఎదుటివాళ్ళు తమ ప్రశ్నను కాపాడుకునే పనిలో పడతారు. "ఈ లెక్క అర్థం కాలేదు" అంటే పద్ధతి మొత్తం మళ్ళీ చెబుతారు. మీకు కావలసింది ఒక్క మాట. అది వచ్చేలా అడగాలి.

అడిగే ముందు చూసుకోండి:

- లోపించింది ఏ వాక్యంలోనో చెప్పగలరా?
- రెండు అర్థాలు, రెండు సమాధానాలు రాసుకున్నారా?
- అవతలివాళ్ళు ఒక్క మాటలో జవాబు చెప్పేలా ప్రశ్న ఉందా?

పుస్తకం లెక్కకు ఇలా అడగొచ్చు: "మేడమ్, రెండో రోజు చదివిన నాలుగో వంతు మొత్తం పుస్తకంలోనా, మిగిలిన పేజీల్లోనా? మొత్తంలో అయితే 144, మిగిలిన వాటిలో అయితే 120 వస్తోంది." ఈ ప్రశ్న విన్నవాళ్ళకు మీరు లెక్క చేశారని, ఎక్కడ ఆగారో, ఎందుకు ఆగారో తెలుస్తుంది. జవాబు "మిగిలిన వాటిలో" అన్న రెండు మాటల్లో వచ్చేస్తుంది.

విలువే లేకపోతే దాని పేరు చెప్పి, అది ఎందుకు కావాలో ఒక ఉదాహరణతో చూపండి: "60 వేగంతో ఎంత దూరం వెళ్ళారో ఇవ్వలేదు. దూరంలో సగం అయితే 48, సమయంలో సగం అయితే 50 వస్తోంది. ఏది తీసుకోమంటారు?"

## 10. తరచూ జరిగే తప్పులు

ఉన్న అంకెలన్నీ వాడెయ్యడం. 1980 ప్రాంతంలో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో చిన్న తరగతుల పిల్లలకు ఒక ప్రశ్న ఇచ్చారు: ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి, కెప్టెన్ వయసెంత? చాలామంది కూడేసి 36 అని రాశారు. పెద్దవాళ్ళం నవ్వుకుంటాం గానీ, 10, 6 కనబడగానే 30 అని రాసెయ్యడం కూడా అదే అలవాటు. సమాధానం రాసే ముందు "ఈ అంకెకూ అడిగిన దానికీ సంబంధం ఏమిటి" అని ఒక్కో అంకెకు విడిగా చెప్పుకోండి. చెప్పలేకపోతే అక్కడ ఆగండి.

వాడని అంకె మిగిలిందని టెన్షన్ పడటం. లెక్క తెగిపోయి ఒక అంకె మిగిలితే, అది అదనపు సమాచారం కావచ్చు. లేదా మీరు ఒక షరతు వదిలేసి ఉండొచ్చు. వచ్చిన సమాధానాన్ని ఆ అంకె ఉన్న వాక్యంలో పెట్టి చదవండి. వాక్యం నిజమైతే వదిలెయ్యండి. అబద్ధమైతే షరతు తప్పారు.

తీసుకున్న అర్థం రాయకపోవడం. మనసులో "మిగిలిన దాంట్లో" అనుకుని 120 అని మాత్రం రాస్తే, దిద్దేవాళ్ళ దగ్గర 144 ఉంటే అది తప్పు సమాధానంగానే పోతుంది.

## 11. అడిగే వీలు లేనప్పుడు

పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్ సాధారణంగా ప్రశ్నకు అర్థం చెప్పరు. అచ్చు సరిగా పడలేదంటే పైవాళ్ళకు తెలియజేయగలరు, అంతవరకే. ఒక అంకె అసలు కనబడకపోతే, పేజీ మసకగా ఉంటే తప్పకుండా చెప్పండి. అర్థం విషయంలో మాత్రం మీరే తేల్చుకోవాలి.

రాతపరీక్ష అయితే మొదటి వరసలోనే మీరు తీసుకున్న అర్థం రాయండి: "రెండో రోజు చదివింది మొత్తం పుస్తకంలో నాలుగో వంతుగా తీసుకున్నాను." లెక్క పూర్తి చెయ్యండి. రెండో అర్థానికి రెండు వరసలు చాలితే అదీ కింద రాయండి. మూడు, నాలుగు అర్థాలు రాస్తూ పోకండి, ఏది మీ సమాధానమో దిద్దేవాళ్ళకు తెలియకుండా పోతుంది.

ఆప్షన్లు ఉన్న పరీక్షలో రెండు అర్థాలూ వేగంగా చేసి ఆప్షన్లతో పోల్చండి. 144 ఉండి 120 లేకపోతే ప్రశ్న రాసినవాళ్ళ ఉద్దేశం తెలిసిపోయింది. రెండూ ఉంటే ఉన్నది ఉన్నట్టు చదివిన అర్థానికే టిక్ పెట్టండి. ఇక్కడ "మిగిలిన" అన్న మాట లేదు కాబట్టి 144. "సమాచారం చాలదు" అన్న ఆప్షన్ ఉంటే అది ఎంచుకునే ముందు రెండో అడుగు గుర్తుచేసుకోండి. షరతులన్నీ పాటిస్తూ రెండు వేర్వేరు సమాధానాలు చూపగలిగితేనే దానికి టిక్ పెట్టండి. లెక్క ఎలా చెయ్యాలో తోచకపోవడం దానికి కారణం కాకూడదు.

ఒకే సమాధానం రాదని తేలినా కొన్నిసార్లు చెప్పడానికి కొంత మిగులుతుంది. కొంత భాగం 60తో, కొంత 40తో సాగిన ప్రయాణానికి సగటు వేగం కచ్చితంగా చెప్పలేం. అది 40 కంటే ఎక్కువ, 60 కంటే తక్కువ అని మాత్రం చెప్పొచ్చు. 81 మంది లెక్కలో జవాబు 12 లేదా 15, ఇంకేదీ కాదు. రాతపరీక్షలో ఈ మాటను కారణంతో సహా రాయండి. వదిలేసిన ఖాళీకి మార్కు వెయ్యడానికి దిద్దేవాళ్ళకు ఆధారం ఉండదు, దీనికి ఉంటుంది.